ఏ గ్యాలన్ లెక్క ఇది?

అంతర్జాతీయ విపణిలో చమురు మండిన ప్రతిసారీ మన రాజకీయ చర్చల్లోకి అమెరికా ప్రవేశిస్తుంది. అక్కడికంటే ఇక్కడే చౌక అని పాలక పక్షాన్ని సమర్థించేవారు, అక్కడికంటే ఇక్కడే భారం అని విమర్శించేవారు వాదులాడుకుంటారు. ఇరుపక్షాలూ అంకెలు చూపుతాయి. కానీ అమెరికాలో పెట్రోలును గ్యాలన్ల చొప్పున డాలర్లకు అమ్ముతారు, మన దగ్గర లీటర్ల చొప్పున రూపాయలకు. మధ్యలో జరిగే మార్పిడిని ఎవరూ చూపరు. వాదన చాలాసార్లు అక్కడే పక్కదారి పడుతుంది.

2022 జూన్ 14నే తీసుకుందాం. ఉక్రెయిన్ యుద్ధం రేపిన మంటలో ఆ రోజు అమెరికాలో గ్యాలన్ సగటు ధర 5.016 డాలర్లకు చేరి రికార్డు సృష్టించింది. అదే రోజు లీటరు పెట్రోలు ఢిల్లీలో 96.72 రూపాయలు, హైదరాబాదులో 109.66 రూపాయలు. డాలరు విలువ సుమారు 78 రూపాయలు.

అమెరికా గ్యాలన్‌లో 3.785 లీటర్లు ఉంటాయి. గ్యాలన్ ధరను దానితో భాగిస్తే లీటరుకు 1.325 డాలర్లు వస్తుంది. దాన్ని 78తో హెచ్చిస్తే సుమారు 103 రూపాయల 37 పైసలు. అంటే ఆ రోజు అమెరికా సగటు ధర ఢిల్లీకంటే ఆరున్నర రూపాయలకు పైగా ఎక్కువ, హైదరాబాదుకంటే ఆరు రూపాయలకు పైగా తక్కువ. ఇరుపక్షాల మాటా నిజమే, ఎవరు ఏ ఊరి బంకు ముందు నిలబడి మాట్లాడారన్నదే తేడా. ఆ తేడాకు ప్రధాన కారణం వాషింగ్టన్‌లో లేదు. పెట్రోలుపై ఢిల్లీ వ్యాట్ 19.4 శాతమైతే తెలంగాణ వ్యాట్ 35.2 శాతం.

ఈ లెక్కలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. భాగించవలసిన చోట హెచ్చించడం మొదటిది. అప్పుడు లీటరు ధర దాదాపు 1,480 రూపాయలని తేలుతుంది. గ్యాలన్‌కంటే లీటరు చిన్నది కనుక దాని ధర కూడా చిన్నదిగానే ఉండాలన్న ఇంగితంతో ఈ తప్పును ఇట్టే పట్టుకోవచ్చు.

రెండవది అంత సులభంగా దొరకదు. గ్యాలన్లు రెండున్నాయి. బ్రిటిష్ వారి ఇంపీరియల్ గ్యాలన్‌లో 4.546 లీటర్లు ఉంటాయి. ఇది అమెరికా గ్యాలన్‌కంటే అయిదో వంతు పెద్దది. మెట్రిక్ విధానానికి ముందు మన దేశంలో వాడింది ఇదే. దానితో భాగిస్తే అదే 5.016 డాలర్ల ధర లీటరుకు 86 రూపాయలకు దిగిపోతుంది. అప్పుడు అమెరికా పెట్రోలు హైదరాబాదుకంటేనే కాదు, ఢిల్లీకంటే కూడా పది రూపాయలు చౌక అవుతుంది. నిర్ధారణే తలకిందులవుతుంది. 86 నమ్మదగిన అంకెలాగే కనిపిస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. అందుకే అంకె చూపిన వారిని అడగవలసిన మొదటి ప్రశ్న: ఎంతతో భాగించారు? రెండవ ప్రశ్న: ధరలూ మారక విలువా ఒకే రోజువేనా?

మార్పిడి సరిగ్గా చేస్తే అసలు చర్చ మొదలవుతుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం గ్యాలన్ పెట్రోలుపై 18.4 సెంట్ల పన్ను వేస్తుంది. 1993 నుంచి అది మారలేదు. ఇదే సూత్రంతో లీటరుకు మార్చితే నాలుగు రూపాయలు కూడా కాదు. 2022 మే నెలలో ఎనిమిది రూపాయలు తగ్గించిన తరువాత కూడా మన కేంద్రం అప్పట్లో లీటరుపై వసూలు చేసిన ఎక్సైజ్ సుంకం 19.90 రూపాయలు. ఆపైన రెండు దేశాల్లోనూ రాష్ట్రాల పన్నులు వేరే ఉన్నాయి. బంకు ధరలు దగ్గర దగ్గరగా కనిపించినా, అందులో కేంద్రానికి చేరిన వాటా అప్పుడు ఇక్కడ అయిదు రెట్లకు పైమాటే.

ఇక రూపాయల్లోకి మార్చినంత మాత్రాన భారం సమానం కాదు. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ఆ రికార్డు ధరలో కూడా గంట కూలితో అయిదు లీటర్లకు పైగా వచ్చేది. అదే ఏడాది తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ దినసరి కూలి 257 రూపాయలు. హైదరాబాదు ధరకు రోజంతా మట్టి తవ్వినా రెండున్నర లీటర్లు రావు.

అమెరికాతో పోలిక తెచ్చే నాయకులు ఈ లెక్కను చివరిదాకా చేయాలి. లీటరు దగ్గర ఆగితే తమకు అనుకూలమైన ఊరు దొరుకుతుంది. కూలి దాకా వెళితే ఆ సౌకర్యం ఏ పక్షానికీ మిగలదు.