ఉన్న ఆస్తి వేరు, అక్కరకొచ్చే డబ్బు వేరు

"నీకేమమ్మా, నగలున్నాయి, స్థలం ఉంది" అని ఎవరైనా అంటే ఏ ఇల్లాలికైనా లోలోపల కాస్త గర్వంగానే ఉంటుంది. కానీ ఆ ఆస్తి అవసరానికి ఎన్ని రోజుల్లో చేతికొస్తుందో ఎప్పుడైనా లెక్క వేసుకున్నామా? ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు దీన్నే లిక్విడిటీ అంటారు. ఉన్నదాన్ని పెద్దగా నష్టపోకుండా, త్వరగా ఖర్చుపెట్టుకునే డబ్బుగా మార్చుకోగలగడం అన్నమాట.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆదివారం రాత్రి ఇంటాయనకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రివాళ్లు మూడు లక్షలు కట్టమన్నారు. బ్యాంకులో నలభై వేలున్నాయి. బీరువాలో ఐదు కాసుల హారం, ఊరి చివర ముప్పై లక్షలు చేసే స్థలం ఉన్నాయి. కాగితం మీద ఆవిడ లక్షాధికారే. కానీ ఆ రాత్రి ఆవిడ చేతిలో ఉన్నది నలభై వేలే.

సోమవారం ఉదయం హారం తీసుకుని బ్యాంకుకి వెళ్లిందనుకోండి. ఐదు కాసులంటే 40 గ్రాములు. అప్రైజరు తూచి, రాళ్ల బరువు నాలుగు గ్రాములు తీసేస్తాడు. మిగిలింది 36 గ్రాములు. లెక్క సులువు కోసం గ్రాము పది వేలు అనుకుంటే విలువ 3,60,000. అందులో నూటికి 75 వంతున అప్పు ఇచ్చారనుకుంటే చేతికొచ్చేది 2,70,000. ఎంత శాతం ఇవ్వచ్చనే హద్దుని రిజర్వు బ్యాంకు నిర్ణయిస్తుంది. బ్యాంకు అంతకన్నా తక్కువా ఇవ్వచ్చు. కొన్నప్పుడు మనం పోసిన మజూరీ, తరుగు ఈ లెక్కలోకి రానేరావు. అయినా మధ్యాహ్నానికల్లా ఉన్న నలభై వేలతో కలిపి ఆవిడ దగ్గర 3,10,000 ఉన్నాయి. రసీదులో రాళ్లు పోను నికర బరువు ఎంత రాశారో అక్కడే చూసుకోవాలి. వడ్డీ కట్టక గడువు దాటితే నోటీసిచ్చి వేలం వేస్తారు కాబట్టి, గడువు తేదీ గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.

మరి స్థలం సంగతి? బంగారం ఏ గ్రామైనా ఒకటే. స్థలం అలా కాదు, ప్రతి ముక్కా వేరు. అందుకే కొనేవాడు దొరకాలి. దొరికినవాడు పాత లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూస్తాడు, లాయరుకి చూపిస్తాడు. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటాడు. అతను బ్యాంకు అప్పుతో కొంటుంటే ఆ అప్పు వచ్చేదాకా ఆగాలి. అన్నీ బాగున్నా నెలలు పడుతుంది. సర్వే నంబరు ప్రభుత్వ నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. "వారంలో డబ్బు కావాలి" అన్నామా, ముప్పై లక్షల స్థలాన్ని పాతికకే అడుగుతారు. ఆ ఐదు లక్షలూ మన తొందరకి మనం కట్టే ధర.

డబ్బైతే నేరుగా డబ్బే కాబట్టి ఈ బాధ లేదంటారా? చాలావరకు నిజమే. కానీ 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు పోపుడబ్బాల్లో దాచుకున్న మన నోట్లు కూడా క్యూలో నిలబడ్డాయి. పైగా ఊరికే దాచిన నోటు విలువని ధరల పెరుగుదల ఏటా కొరుక్కు తింటుంది.

రోజులు, కోత చూశాం. మూడోది మనం ఎక్కువగా మరిచేది, సంతకం. స్థలం ఆయన పేరున ఉండి, ఆయనే ఐసీయూలో ఉంటే అమ్మకం కాగితాల మీద సంతకం ఎవరు పెడతారు? ఇద్దరి పేర్లా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ని గడువుకి ముందే తీయాలన్నా చాలా బ్యాంకులు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. 'ఇద్దరిలో ఎవరైనా' అని రాసి ఉన్నా ఆ మాట గడువు తీరాకే పనిచేస్తుందనేవాళ్లున్నారు. గడువుకి ముందు కూడా ఒక్కరే తీసుకోవచ్చని బ్యాంకుకి ముందుగానే రాసి ఇవ్వచ్చు. మన అమ్మమ్మలు బంగారాన్నే ఎందుకు నమ్ముకున్నారో ఇక్కడ నాకు అర్థమవుతుంది. తాకట్టు పెట్టడానికి వాళ్లకి మరొకరి సంతకం అక్కర్లేకపోయింది.

అలాగని స్థలం వద్దనను. అది పిల్లల పెళ్లికో, ముసలితనానికో తీరిగ్గా అమ్ముకునే ఆస్తి. తొందరలో దాని జోలికి వెళ్లకుండా ఉండాలంటే మొదటి రోజుకి బ్యాంకులో కొంత డబ్బు, రెండో రోజుకి కొంత బంగారం ఉండాలి. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో ఉన్నవన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన విలువ కాకుండా ఎన్ని రోజులు, ఎంత కోత, ఎవరి సంతకం అన్నవి రాయండి. మీ ఒక్కరి సంతకంతో రెండు రోజుల్లో ఎంత వస్తుందో కూడండి. ఆపద వేళ మీకున్నది అంతే.