"మరి వాళ్ళ సంగతో?" అనే ఎండుచేప

తెలుగు చదివే పిల్లల తరఫున నోరు తెరిచి ఒక మాట అంటే చాలు, దానికి జవాబు రాదు, ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న మీదే నా గొడవ.

ముందు సంగతి చెబుతాను. 2006లో తమిళనాడులో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికి ఒక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16కి అది పదో తరగతికి చేరింది. తమిళం చెప్పే టీచర్లను సరిగా వేయకుండా పరీక్ష ఎట్లా పెడతారని మైనారిటీ భాషల వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. కోర్టు మినహాయింపు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఇంకొక ఏడాదికి మినహాయింపు ఇచ్చింది.

తమిళం వద్దని నేను అనను. పళవేర్కాడులో అంగడికి పోయినా, పడవెక్కినా తమిళమే గదా. నా మాట ఒక్కటే: నేర్పే టీచరును వేయకుండా పరీక్ష పెట్టడం న్యాయం కాదు.

పోయిన నెల ఈ మాటే నాన్న స్నేహితుడు ఒకాయనతో అన్నాను. నేను ఆయన్ని మామా అంటాను. ఆయన వెంటనే, "ఆంధ్రాలో తమిళ పిల్లల గతేంటిరా? చిత్తూరు పక్క తమిళ బళ్ళను అడిగేవాళ్ళున్నారా?" అన్నాడు. నేను చిత్తూరు గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో ఇద్దరం ఆంధ్రాలో ఉన్నాం, టీచరు లేని మా తరగతి మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

తర్వాత ఆయన, "నీ చెల్లెల్ని ఇంగ్లీషు మీడియంలో వేశారు గదా! నీకెందుకు తెలుగు బాధ?" అన్నాడు. నా ముఖం మాడిపోయింది. నిజమే, వేశారు.

ఈ రెండు ఎత్తులకూ పేర్లున్నాయి. మొదటిది "మరి వాళ్ళ సంగతో?" అని ఇంకొకరి తప్పు చూపడం. ఇంగ్లీషులో దాన్ని వాటబౌటిజం అంటారు. రెండోది "నువ్వు మాత్రం?" అని అడిగినవాడి తప్పే చూపడం. దానికి లాటిన్ పేరు టూ క్వోక్వే, అంటే "నువ్వూ అంతే". రెండూ రెడ్ హెర్రింగ్ జాతివే. హెర్రింగ్ అనేది ఒక చేప. ఉప్పుపెట్టి పొగబెడితే ఎర్రబడి గట్టి వాసన వేస్తుంది. కుందేలు వెనక పరిగెత్తే వేటకుక్కలను ఆ వాసనతో పక్కదారి పట్టించిన కథ ఒకటి 1807లో కాబెట్ అనే ఇంగ్లీషు పత్రికాయన రాశాడు. ఎండుచేప వాసన సంగతి మన ఊరివాళ్ళకు చెప్పాలా!

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒక పరీక్ష తట్టింది. ఆయన చెప్పిందంతా నిజమే అనుకుందాం. చిత్తూరులో తమిళ పిల్లలకు అన్యాయం జరుగుతోంది, మా చెల్లెలు ఇంగ్లీషులో చదువుతోంది. అప్పుడు ఇక్కడ టీచరు లేకుండా పరీక్ష పెట్టడం న్యాయమవుతుందా? కాదు. అక్కడి పిల్లలకూ టీచరు కావాలి, ఇక్కడి పిల్లలకూ కావాలి. చెల్లెలి సంగతి మా ఇంటి గురించి చెబుతుంది గానీ, టీచరు గురించి ఏమీ చెప్పదు.

వారం తర్వాత మళ్ళీ కలిసినప్పుడు ఇట్లా అన్నాను: "మామా, చిత్తూరులో అన్యాయం జరిగితే అదీ తప్పే, ఒప్పుకుంటున్నా. మా చెల్లెలి గురించి మీరన్నదీ నిజమే. కావాలంటే ఆ రెండూ తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు చెప్పండి, టీచరు లేకుండా పరీక్ష పెట్టొచ్చా?" ఆయన కాసేపు ఊరుకుని, "టీచరును వేయాల్సిందేలే" అన్నాడు. చిత్తూరును కాదంటే ఆయన దాన్నే పట్టుకునేవాడు. ఒప్పుకున్నాను గనక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అయితే "వాళ్ళ సంగతో?" అని అడిగిన ప్రతిసారీ అది ఎండుచేప కాదు. నేనే గనక "తమిళనాడు ఒక్కటే తన భాషను తప్పనిసరి చేసింది" అని ఉంటే, "2018లో తెలంగాణ తెలుగును తప్పనిసరి చేయలేదా?" అనేది సరైన జవాబే. ఎందుకంటే "ఒక్కటే" అన్న నా మాటను అది సూటిగా పడగొడుతుంది. ఎదుటి ప్రశ్న మన మాటను పడగొడుతోందా, మనల్ని మాత్రమే పడగొడుతోందా అని చూసుకోవాలి. మన మాటను పడగొడితే మాట మార్చుకోవాలి, మారుపేరు పెట్టి తప్పించుకోకూడదు.

ఈ జబ్బు నాకూ ఉంది. చదువుకునే వేళ ఫోను పక్కన పెట్టమని అమ్మ అంటే "నాన్న చూడటం లేదా?" అంటాను. నాన్న చూస్తాడు, నిజమే. కానీ దానివల్ల నా లెక్కల మార్కులు పెరగలేదు.

మన బడి చర్చల్లో సారువాళ్ళకు ఒక మనవి. మొదట ఎవరు ఏమన్నారో ఒక్క వాక్యంలో బోర్డు మీద రాయండి, చివరిదాకా చెరపకండి. మాట్లాడేవాళ్ళు పక్కకు పోతే వేలితో ఆ వాక్యం చూపించండి చాలు.