పోయిన లాభం కట్టమని వ్యాపారి నోటీసు పంపితే

మిర్చి, పసుపు ధరలు ఎగసిన ఏడాది రైతులు నా దగ్గరకు తెచ్చే కాగితాల్లో లాయరు నోటీసులు కూడా ఉంటాయి. ముందుగా ఒప్పుకున్న ధరకు సరుకు ఇవ్వలేదని, దానివల్ల తన పెద్ద ఆర్డరు పోయిందని, ఆ లాభమంతా కట్టమని వ్యాపారి అడుగుతాడు. ధర పెరిగితే మాట తప్పమని నేను చెప్పను. అయితే తప్పినందుకు ఎంత కట్టాలో చట్టం ఒక హద్దు పెట్టింది.

ఒక లెక్క చూడండి. క్వింటాలు 15,000 చొప్పున 20 క్వింటాళ్ల మిర్చి ఫిబ్రవరి 20న కళ్లం దగ్గర ఇస్తానని రైతు ఒప్పుకున్నాడు, ఇవ్వలేదు. ఆ రోజు అదే రకానికి దగ్గరి యార్డులో ధర 16,500. వ్యాపారి ఊరుకుని, నెల తర్వాత 18,500కు కొన్నాడు. అందుకని 70,000, ఎగుమతి ఆర్డరులో పోయిన లాభం 80,000, మొత్తం లక్షన్నర అడిగాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ప్రకారం మామూలుగా దక్కేది ఇవ్వాల్సిన రోజు ధరకూ, ఒప్పుకున్న ధరకూ ఉన్న తేడా. అంటే 1,500 చొప్పున 30,000. తీసుకున్న అడ్వాన్సు వేరే, అది తిరిగి ఇవ్వాల్సిందే. ఆ రోజే యార్డులో సరుకు దొరుకుతున్నప్పుడు వ్యాపారి కొనుక్కోవాలి. ఊరికే కూర్చుని పెంచుకున్న నష్టాన్ని రైతు మీద వేయలేడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొనగలిగీ కొనలేదని చూపాల్సింది సాధారణంగా రైతే. అందుకే ఆ రోజు ధర, వచ్చిన బస్తాల వివరం మార్కెట్ కమిటీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. వ్యాపారి చూపే బిల్లులో ఏ రకం ఉందో కూడా చూడండి. మీరు ఒప్పుకున్నది మామూలు రకమైతే, మేలు రకం ధరతో పోల్చకూడదు.

ఎగుమతి లాభం సంగతి వేరు. ఒప్పందం నాడు ఆ ఆర్డరు గురించి రైతుకు తెలియకపోతే అది దూరపు నష్టం, దానికి పరిహారం రాదు. 1960ల మొదట్లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి వివాదమే వచ్చింది. కాన్పూరులో రైలెక్కించాల్సిన కాన్వాసు గుడ్డ అందలేదని కొన్నవాళ్లు కలకత్తా ధరతో నష్టం లెక్క కట్టారు. అక్కడ తిరిగి అమ్ముతారని అమ్మినవారికి తెలిసినట్లు రుజువు లేదు, కాన్పూరు ధర ఎంతో వాళ్లు చూపలేదు. పరిహారం దక్కలేదు.

కానీ ఒప్పంద కాగితంలో ‘ఈ సరుకు ఫలానా ఎగుమతి ఆర్డరు కోసం’ అని రాసి ఉండి, మీరు సంతకం పెట్టి ఉంటే, తెలియదనే మాట నిలవదు. సంతకానికి ముందు ఆ వాక్యం చదివించుకోండి. ‘తప్పితే రెండు లక్షలు’ అని రాసుకున్నా, 74వ సెక్షను కింద కోర్టు ఇప్పించేది సమంజసమైనంత మేరకే, ఆ అంకె గరిష్ఠం మాత్రమే.

సరుకు ఇవ్వలేనని తేలిన రోజే వ్యాపారికి వాట్సాప్‌లోనైనా రాసి పంపి, ఆ మెసేజి దాచుకోండి. నోటీసు వస్తే జవాబు ఇచ్చే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో చూపించండి.