క్వినోవాకు ఎసరు, కుస్కుస్‌కు మరుగునీరు

గుడివాడ నుండి ఒక గృహిణి మా బందరు వైద్యశాలకు వస్తూ ఉంటారు. వయస్సు యాభై దాటినది. ఆమెకు గోధుమ పడని పేగువ్యాధి ఉన్నదని పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి నిర్ధారించారు. దానిని సీలియాక్ వ్యాధి అంటారు. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు కొంచెము లోనికి పోయినా చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, విరేచనములు, ఉబ్బరము, నీరసము కలుగుతాయి. దీనికి ఔషధము కంటె పథ్యము ముఖ్యము. గోధుమ, బార్లీ వంటివి జీవితాంతము మానవలెను. ఆమె మాని, రెండు సంవత్సరములు సుఖముగానే ఉన్నారు.

అమెరికాలో ఉన్న కుమార్తె వచ్చినప్పుడు రెండు డబ్బాలు తెచ్చినది. ఒకటి క్వినోవా, రెండవది కుస్కుస్. రెండూ సన్నని, లేత పసుపు గింజలే. రెండూ అన్నమునకు బదులు తినదగినవే అని ఇంటిలో అనుకొన్నారు. మొదట క్వినోవా వండారు. చేదుగా ఉన్నది, పైగా ముద్ద అయినది. దానిని అటక మీదికి చేర్చి కుస్కుస్ వండారు. అది అయిదు నిమిషములలో పొడిపొడిగా అమరినది. పది రోజులు దానినే తిన్నారు. పాత విరేచనములు తిరిగి వచ్చాయి.

ఆమె నా వద్దకు వచ్చినప్పుడు నేనూ తప్పు చేశాను. "విదేశపు చిరుధాన్యాలేవో తింటున్నాను వైద్యులుగారూ" అని ఆమె అంటే, చిరుధాన్యములే కదా అని ఊరకుండి, దీపనపాచనములకు ఒక చూర్ణము ఇచ్చి పంపాను. వారము గడచినా గుణము కనబడలేదు. అప్పుడు ఆ డబ్బాలు తెమ్మని అడిగాను. కుస్కుస్ డబ్బా వెనుక సన్నని అక్షరములలో డ్యూరమ్ గోధుమరవ్వ అని ఉన్నది. అనగా ఆమెకు పడే గింజ వంట కుదరక అటకెక్కినది, పడని పిండి సులభముగా ఉడికినందువలన పళ్ళెములోనికి వచ్చినది. ఎసరు లెక్క తెలియకపోవుట ఇంతటి హానికి దారితీసినది.

కుస్కుస్ గింజ కాదు. ఉత్తర ఆఫ్రికాలో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా దేశముల స్త్రీలు గోధుమరవ్వపై నీరు చిలకరించి, పిండి చల్లి, వెడల్పు పళ్ళెములో అరచేతులతో రాచి చిన్న చిన్న పలుకులుగా చేస్తారు. కూర ఉడుకుతున్న కుండ పైన చిల్లుల పాత్ర పెట్టి, ఆ ఆవిరి మీద వాటిని రెండు మూడు సార్లు ఉడికిస్తారు. ప్రతిసారీ దించి, నూనె, నీరు చల్లి, చేతితో ఉండలు విడదీస్తారు. మన వాసెన కుడుములు ఎరిగిన వారికి ఈ పని కొత్తగా తోచదు. నేడు అంగళ్ళలో డబ్బాలలో దొరికే రకమునకు ఈ ఆవిరి పని కర్మాగారములోనే ముగిసి, ఎండబెట్టి పంపుతారు. అందుచేతనే అది అయిదు నిమిషములలో సిద్ధమగును. మన అటుకులు తడిపితే చాలును కదా! వాటిని ముందే ఉడికించి, దంచి ఉంచారు గనుక. కుస్కుస్ సంగతీ అంతే. కేవలము మరుగునీటికే మెత్తబడు పదార్థము కనబడితే, దీనిని ఇంతకుముందే ఎవరో వండి ఉంచారని గ్రహించి, దేనితో చేశారో డబ్బా వెనుక చదవవలెను.

గోధుమ పడేవారు కుస్కుస్ వండదలచుకొంటే ఒక గ్లాసుకు ఒక గ్లాసు మరుగునీరు చాలును. మరికొంత మెత్తన కావలెనన్న గ్లాసుంబాతిక. పొయ్యి ఆర్పి, ఉప్పు కలిపిన మరుగునీరు దానిపై పోసి, మూతపెట్టి అయిదు నిమిషములు కదపక ఉంచవలెను. తరువాత ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని వేసి ఫోర్కు మొనలతో పైపైన విడదీయవలెను. మనవారు దీనిని ఉప్మారవ్వ అనుకొని మరుగుతున్న రెండున్నర, మూడు గ్లాసుల నీటిలో పోసి కలియబెడతారు. ఉప్మారవ్వ పచ్చిది గనుక అన్ని నీళ్ళు త్రాగుతుంది. ముందే ఉడికినది త్రాగలేదు, జిగురు ముద్ద అవుతుంది. మధుమేహ రోగులు దీనిని అన్నమునకు విరుగుడుగా తెచ్చుకొనుట నాకు నచ్చదు. ఇది పొట్టు తీసిన గోధుమయే. గోధుమరవ్వ ఉప్మాకు ఏ మితమో దీనికీ అదే మితము.

ఇక అటకెక్కిన క్వినోవా సంగతి. ఇది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలో పుట్టిన మొక్క విత్తనము. గడ్డిజాతి ధాన్యము కాదు. శాస్త్రములో వాస్తుకమని చెప్పబడి, మనము చక్రవర్తికూర అని పిలిచే ఆకుకూర దీనికి దగ్గర బంధువు. ఐక్యరాజ్యసమితి 2013వ సంవత్సరమును క్వినోవా సంవత్సరముగా ప్రకటించిన తరువాత దీని పేరు మన ఇళ్ళకు కూడా వినబడినది. కొందరు వైద్యమిత్రులు దీనికి రసగుణవీర్యములు నిర్ణయించి వ్రాస్తున్నారు. చరకుడు గాని వాగ్భటుడు గాని ఎరుగని గింజకు వారి పేరిట గుణములు అంటగట్టుట నాకు సమ్మతము కాదు. ఏకాదశికి తినవచ్చునా అని కూడా నన్ను అడుగుతున్నారు. అది పురోహితులను అడగవలసిన మాట.

దీని చేదునకు కారణము గింజ పైపొరలోని సపోనిన్లు. కుంకుడుకాయ నురుగునకు కారణము కూడా ఈ జాతి పదార్థములే. అందుచేత క్వినోవాను నీటిలో వేసి అరచేతుల మధ్య రుద్దితే నురుగు వస్తుంది. నురుగు ఆగువరకు మూడు నాలుగు నీళ్ళు మార్చవలెను. గింజలు సన్నవి గనుక బియ్యపు చిల్లుల గిన్నెలో నిలువవు. పలుచని నూలుగుడ్డలో వడకట్టుట మేలు. ఒక పచ్చిగింజను నాలుకపై ఉంచి నమిలితే చేదు పోయినదీ లేనిదీ తెలిసిపోతుంది. డబ్బాపై ముందే కడిగినదని వ్రాసి ఉన్నా ఒకసారి కడుగుట మంచిది. కడిగిన తరువాత నీరు పూర్తిగా ఓడ్చవలెను. గింజలను పట్టుకొని ఉన్న తడి కూడా ఎసరులో భాగమేనని మరువరాదు.

ముద్ద అగుటకు కారణము వేరు. గుడివాడ ఇంటిలో బంధువులున్నారని నాలుగు గ్లాసుల క్వినోవాకు ఎనిమిది గ్లాసుల నీరు పోశారు. డబ్బాపై ఒకటికి రెండు అని ఉన్నదట. ఒక గ్లాసు వండేవారికి ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. కాని నాలుగింటికి అదే హెచ్చవేతతో ఎనిమిది పోయరాదు. గింజ లోనికి పీల్చుకొను నీరు సుమారు గ్లాసుకు గ్లాసున్నర. మిగిలినది ఆవిరియై పోతుంది. మూత పెట్టి సన్నమంటపై ఉడికించినప్పుడు ఆ ఆవిరి అరగ్లాసు లోపే. గింజలు నాలుగింతలైతే పీల్చుకొను నీరు నాలుగింతలవుతుంది గాని, గిన్నె, మూత, మంట అవే ఉండగా ఆవిరి అంతగా పెరగదు. కావున నాలుగు గ్లాసులకు ఆరు, దానిపైన ఒక అరగ్లాసు, మొత్తము ఆరున్నర చాలును. మిగిలిన గ్లాసున్నర గింజలను చిమిడింపజేసినది. బియ్యమునకూ ఇదే న్యాయము. పెండ్లివంటలలో ఇంటి కొలతను హెచ్చవేసి పోయరని వంటబ్రాహ్మణులకు తెలిసినదే.

ఈ సంగతిని సరిదిద్దినది నేను కాదు, ఆమె తల్లిగారు. దివిసీమలో అవనిగడ్డ ప్రక్క గ్రామమువారు. వయస్సు ఎనభై పైమాట. కొలత గ్లాసు ఆమె ఎన్నడూ వాడలేదు. కొత్త బియ్యమైతే ఎసరు తగ్గించుట, పాత బియ్యమైతే పెంచుట, గింజను వేళ్ళ మధ్య నలిపి చూచుట ఆమె లెక్క. కుమార్తెతో కూడా వైద్యశాలకు వచ్చి, డబ్బాలోని క్వినోవాను అరచేతిలో పోసుకొని చూచి, "అత్తెసరుకు లొంగకపోతే వార్చి చూస్తాను నాయనా" అన్నారు.

వార్చుటకు కొలతే అక్కరలేదు. విస్తారముగా ఎసరు మరిగించి, కడిగిన గింజలు వేసి, పన్నెండు నిమిషముల తరువాత చూడవలెను. ఉడికిన గింజ నడుమ తెల్లని చుక్క ఉండదు, అద్దము వలె కొంత పారదర్శకమై ఉంటుంది. చుట్టూ ఉన్న అంకురము తెల్లని దారపు తోకవలె విడివడుతుంది. తోక విడివడి నడుమ చుక్క మిగిలి ఉన్న ఇంకా రెండు మూడు నిమిషములు. అప్పుడు గుడ్డలో వార్చి, తిరిగి వేడి గిన్నెలో వేసి, మూత క్రింద పొడిగుడ్డ కట్టి, పొయ్యి ఆర్పి పది నిమిషములు ఉమ్మగిలనీయవలెను. మూతకు పట్టిన ఆవిరి బొట్లు గింజలపై పడకుండుటకే ఆ గుడ్డ. మా గురువుగారు కంఠస్థము చేయించిన పరిభాషలో విలేపికి నాలుగు రెట్లు, అన్నమునకు అయిదు రెట్లు, యవాగువునకు ఆరు రెట్లు, మండమునకు పద్నాలుగు రెట్లు నీరు. గంజికంటె అన్నమునకు ఇన్ని నీళ్ళెందుకని బాల్యములో నాకు సందేహము. అన్నపు నీరు వార్చివేసేది, విలేపి నీరు గింజలోనే ఇగిరేది. బాగుగా కడిగి, గంజి వార్చి, వేడిగా ఉన్న అన్నము లఘువని చరకసంహిత చెప్పుటలో అర్థము ఆ వృద్ధురాలి గిన్నె వద్ద నాకు మరల బోధపడినది. అయితే వార్చినందున కొన్ని లవణములు ఆ నీటితో పోతాయి. అది ఇష్టము లేనివారు అత్తెసరుగానే వండుకోవచ్చును. ఒక గ్లాసుకు గ్లాసుముప్పాతిక నీరు, మరిగిన తరువాత మూతపెట్టి సన్నమంటపై పదిహేను నిమిషములు, దించిన తరువాత పది నిమిషముల ఉమ్మగింపు. ప్రెషర్ కుక్కరులో బియ్యపు విజిళ్ళు వేయించుటే దీనిని పాడుచేయుట.

విడదీయుటకు గరిటె పనికిరాదు, గింజలు నలుగుతాయి. పులిహోర అన్నమును తాంబాళములో ఆరబోసి, కొంచెము నూనె చిలకరించి, వేళ్ళతో విడదీస్తాము కదా, అదే పద్ధతి. కొర్రలకైతే అరగంట నానబెట్టి, ఒకటికి రెండు నుండి రెండున్నర వరకు నీరు పోయవలెను. కొర్రన్నము చల్లారితే గట్టిపడుతుంది, కావున వేడిగానే తినవలెను. క్వినోవా చల్లారినా పొడిగానే ఉంటుంది. మరునాటి పెరుగన్నమునకు ఇది పనికివచ్చినదని ఆ తల్లిగారే చెప్పారు.

గుడివాడ గృహిణికి కుస్కుస్ మానిన తరువాత క్రమముగా విరేచనములు తగ్గాయి. ఆస్పత్రివారి పరీక్ష కూడా మరల చేయించుకొమ్మని పంపాను. మిగిలిన కుస్కుస్‌ను ఇంటిలోని పిల్లలు ఉప్మా చేసుకొని తింటున్నారట. దాని గిన్నె, గరిటె, వడకట్టు గుడ్డ మాత్రము వేరుగా ఉంచమని, ఆమె క్వినోవా డబ్బాలో ఆ చెంచా పెట్టవద్దని చెప్పాను.