‘విషజ్వరాలు’ కాక ఇంకేమి రాయవచ్చు?

వానాకాలం వచ్చిందంటే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా పేజీలలో రెండు శీర్షికలు తప్పక కనిపిస్తాయి. ఒకటి ‘సీజనల్ వ్యాధులపై అప్రమత్తంగా ఉండాలి’. రెండవది ‘ఏజెన్సీపై విషజ్వరాల పంజా’. మొదటిదాన్ని మీరు చదవకుండానే పేజీ తిప్పేస్తారు. రెండవది చదివి భయపడతారు గాని, ఏమి చేయాలో మీకు తెలియదు. ‘విషజ్వరం’ అనే వ్యాధి వైద్యశాస్త్రంలో లేదు. అది మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. పరీక్షా వేరు, మందూ వేరు.

మొదటి శీర్షికనే తీసుకుందాం. దాని కింది వార్తలో సాధారణంగా నీటి నిల్వలు, దోమతెరలు, ఫాగింగ్ గురించి ఉంటుంది. చివరి పేరాలో ఎక్కడో ఒక వైద్యుడి మాట ఉంటుంది: డెంగీలో జ్వరం తగ్గుముఖం పట్టిన తరువాతి ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూడవలసిన కాలం అని. నా దృష్టిలో అసలు వార్త అదే. జ్వరం దిగితే గండం గడిచిందనుకోవడం మన ఇళ్లలో సహజం. కాని కొందరిలో సరిగ్గా అప్పుడే రక్తనాళాల నుంచి ద్రవం బయటకు ఊరి, రక్తపోటు పడిపోతుంది.

దీన్ని ‘డెంగీలో జ్వరం తగ్గితే ఏమవుతుందో తెలుసా?’ అని రాస్తే అది ఎర. చెప్పవలసిన సంగతిని దాచి, పాఠకుణ్ణి లోపలికి లాగడం. ‘డెంగీ: జ్వరం తగ్గిన రోజే ప్రమాదం’ అంటే సంగతి బయటపడింది గాని, మాట హద్దు దాటింది; ఎక్కువ మంది అదే రోజు నుంచి కోలుకుంటారు కదా! కనుక ప్రమాదాన్ని రోజుకు కాక లక్షణానికి ముడిపెట్టాలి: ‘డెంగీ: జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు మొదలైతే ఆసుపత్రికి వెళ్లండి’.

ఇందులో వ్యాధి పేరు ముందే ఉంది. ఎదురుచూడని సంగతి ఉంది. చేయవలసిన పనీ ఉంది. వార్త తెరవని వారికి కూడా అది పనికి వస్తుంది. ఎర శీర్షిక నుంచి దీన్ని వేరు చేసే గుర్తు అదే. చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం వంటి మిగతా సూచనలు లోపల రాసుకోవచ్చు. అన్నీ పైకెక్కిస్తే ఏదీ గుర్తుండదు.

ఒక షరతు మాత్రం ఉంది. వైద్యుడి మాట వార్తలో లేకపోతే ఈ శీర్షిక పెట్టరాదు. విలేకరి మళ్లీ ఆసుపత్రికి ఫోన్ చేయవలసిందే. అధికారి సమీక్షా సమావేశం తప్ప మరేమీ జరగని రోజున చప్పని శీర్షికే న్యాయం, దానికి మసాలా అక్కరలేదు.