తిరుపతి టికెట్‌లోనే మంత్రాలయం



ఈసారి తిరుపతి పోయేటోళ్ల లిస్టు గ్రూపులో చూసిన. సగం మంది దారిలో మంత్రాలయం కూడా చూసుకుంటమని రాసిండ్రు. మంచిదే. కానీ అందరూ ఫోన్‌లో రెండు టికెట్లు విడివిడిగా తీయాలని చూస్తున్నరు, నా అభ్యంతరం అక్కడనే. ఒక్క టికెట్‌తో అయ్యే పనికి రెండు టికెట్ల పైసలు ఎందుకు?

రైల్వేలో బ్రేక్ జర్నీ అని పాత సౌకర్యం ఒకటున్నది. మన తాతలకు బాగా తెలుసు, యాప్ వచ్చినంక మనమే మరిచినం. టికెట్ దూరం 500 కిలోమీటర్లు దాటితే దారిలో ఒకచోట దిగి ఉండొచ్చు. 1000 దాటితే రెండు చోట్ల. అయితే బయలుదేరిన స్టేషన్ నుంచి 500 కిలోమీటర్లు పోయినంకనే మొదటిసారి దిగాలె. దిగిన రోజు, మళ్లీ ఎక్కే రోజు వదిలేసి నడుమ రెండు రోజులు ఉండొచ్చు. రాజధాని, శతాబ్ది లాంటి బండ్లకు ఇది లేదు.

ఈ 500 లెక్కతోనే మనోళ్లకు ఆశాభంగం. షోలాపూర్‌లో చుట్టాలున్నోళ్లు అక్కడ దిగుదామంటరు. ముంబై నుంచి షోలాపూర్ 455 కిలోమీటర్లే, కుదరదు. మంత్రాలయం రోడ్డు స్టేషన్ సుమారు 740, రేణిగుంట సుమారు 1140. అందుకని మంత్రాలయం సరిగ్గా సరిపోతది.

పైసలు ఎక్కడ మిగులుతయంటే, రైలు చార్జీలో దూరం పెరిగినకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతది. రెండు టికెట్లు తీస్తే రెండోదానికి లెక్క మళ్లా మొదటి నుంచి, అంటే ఎక్కువ రేటు నుంచి మొదలైతది. ఒకే టికెట్ అయితే తగ్గిన రేటే చివరిదాకా నడుస్తది. అదనంగా పడేది ముఖ్యంగా రెండో బండి రిజర్వేషన్ రుసుము. స్లీపర్‌కు మనిషికి 20 రూపాయలు, థర్డ్ ఏసీకి 40. రెండో బండి సూపర్‌ఫాస్ట్ అయితే ఆ చార్జీ సంగతి కౌంటర్లోనే అడగండి.

మన లిస్టుకు లెక్క వేసి చూపిస్త. ముందుగాల తిరుమల దర్శనం టికెట్ తేదీ ఖాయం చేసుకోవాలె, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలె. దర్శనం ఆదివారం అనుకోండి. మంగళవారం రాత్రి ముంబైలో ఎక్కితే బుధవారం మంత్రాలయం రోడ్డులో దిగుతరు. ఊరు స్టేషన్ నుంచి 15 కిలోమీటర్ల దాకా ఉంటది, బస్సులు, ఆటోలు దొరుకుతయి. గురువారం రాఘవేంద్రస్వామి బృందావనం దర్శనం. గురువారం జనం ఎక్కువ, కానీ పోయేదే దానికోసం కదా. శుక్రవారం కూడా ఉండొచ్చు. శనివారం మాత్రం ఎక్కి తీరాలె, అది దాటితే గడువు అయిపోయినట్టే. రేణిగుంటలో దిగితే తిరుపతి పది కిలోమీటర్లు.

టికెట్ కౌంటర్లోనే తీయాలె. మనకు ముంబై సెంట్రల్ దగ్గరనే ఉన్నది. ఫారం మీద ఎక్కడ దిగుతమో, మళ్లా ఏ తేదీన ఏ బండి ఎక్కుతమో రాసి, బ్రేక్ జర్నీ అని నోటితో కూడా చెప్పండి. పోకముందే ఒకటి చూసుకోవాలె. మంత్రాలయం రోడ్డు నుంచి రేణిగుంటకు సీట్లు ఖాళీ ఉన్నయా, లేవా? మొదటి బండి కన్ఫర్మ్ అయి రెండోది వెయిటింగ్‌లో పడితే, ముసలోళ్లతో రాత్రిపూట ఆ స్టేషన్లో కష్టం. రెండో బండికి సీట్లు దొరికే తేదీ చూసే ప్రయాణం పెట్టుకోండి.

మంత్రాలయం రోడ్డులో దిగంగనే స్టేషన్ మాస్టర్‌తోనో టికెట్ కలెక్టర్‌తోనో టికెట్ మీద రాయించుకోవాలె. మనోళ్లు మరిచేది ఇదే. దిగిన ఖుషీల ఆటో ఎక్కి పోతరు. ఆ రాత లేకుంటే రెండో బండిలో టీటీఈతో వాదన తప్పదు. ఫోన్‌లో రేణిగుంట దాకా మామూలు టికెట్ తీసి నడుమ దిగడం మాత్రం అసలే వద్దు, మిగిలిన ప్రయాణం పోయినట్టే. మీ బెర్తు వేరేటోళ్లకు పోతది.

క్యూలో ఎవరు నిలబడతరని కొందరు అంటరు. నిజమే, ఒకరిద్దరే పోతుంటే ఫోన్‌లో తీసుకోండి, ఆ తేడాకు పూట పని వదులుకోవద్దు. నలుగురైదుగురు ఉన్న ఇల్లయితే, అందులోనూ ఒక్కరి సంపాదన మీద నడిచేదైతే, పొద్దున గంట నిలబడితే మంత్రాలయంలో తిండి ఖర్చుకు కొంత మిగులుతది. నన్నడిగితే సంఘం తరఫున ఒకరు పోయి ఇంటికో ఫారం నింపి ఇవ్వడం మేలు. ఒక ఫారం మీద ఆరుగురి దాకా రాయొచ్చు. లిస్టులో ఉన్నోళ్లు పేరు, వయసు, ఏ తరగతి కావాలో ఈ ఆదివారం లోపల ఆఫీసులో రాసిపెట్టండి. షోలాపూర్ చుట్టాలను చూడాలనుకునేటోళ్లు మాత్రం అక్కడికి విడిగానే టికెట్ తీసుకోవాలె.