మీది ఏ గట్టు? గొల్లపల్లిలో ఇంటిపేరు చదవడం

బస్తర్ దక్షిణపు అంచున, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో గొల్లపల్లి ఉంది. ఊరి పేరు తెలుగు. ఊళ్ల మాట దోర్లా, అంటే కోయ. అక్కడ ఒక పెద్దాయనకు నా ఇంటిపేరు చెప్పాను. వెంటనే ఆయన అడిగారు: "మీది ఏ గట్టు బాబూ?" నా ఇంటిపేరు ఒక ఊరి పేరు, దానికి గట్టు లేదు. ఆయనకు అది ఇంటిపేరులాగే తోచలేదు. తెలుగు ఇంటిపేర్లను చదివే నా అలవాటును ఆ ప్రశ్న తర్వాత మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది.

ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరును వ్యాకరణమే పట్టిస్తుంది. మనం "ఫలానా వారు" అంటాం, కాబట్టి ఊరి పేరు షష్ఠీ అర్థంలోకి మారుతుంది. కోడూరు వారు కోడూరి వారవుతారు. కొండవీడు కొండవీటి అవుతుంది, రామవరం రామవరపు అవుతుంది. పల్లి, పూడి, కుంట లాంటివి మారకుండా నిలుస్తాయి. అందుకే గొల్లపల్లి ఊరి పేరుగానూ ఇంటిపేరుగానూ ఒకే రూపంలో ఉంటుంది.

పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. "గొల్ల" కనబడగానే ఆ కుటుంబం గొల్లవారని తేల్చేస్తారు. 2014లో రాజోలు ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన గొల్లపల్లి సూర్యారావును తీసుకోండి. ఆ ఇంటిపేరులోని గొల్ల ఏ కాలంలోనో ఒక పల్లెకు పేరు పెట్టినవారి మాటే తప్ప ఆ కుటుంబం కులం కాదు. పైగా గొల్లపల్లి అనే ఊళ్లు తెలుగు నేలపై చాలా ఉన్నాయి. ఏ గొల్లపల్లి నుంచి వచ్చారో కుటుంబం జ్ఞాపకమో, పాత భూమి కాగితమో చెప్పాలి, మాట ఒక్కటే చెప్పలేదు.

వృత్తి నుంచి వచ్చిన పేర్లలో సమస్య వేరు. అక్కడ "ఏ మాట" అనే ప్రశ్నకు ముందు "ఎవరు పిలిచారు" అనే ప్రశ్న ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య కరణీకం రద్దయింది. కరణం అనే ఇంటిపేరు మాత్రం గౌరవంగానే మిగిలింది. ఆ ఇంటివారు తమ పదవిని తామే పేరుగా పెట్టుకున్నారు. ఇప్పుడు పాలకుర్తి ఐలమ్మను చూడండి. ఆమె ఇంటిపేరు చిట్యాల, అది ఊరి మాట. దొరకు ఎదురు నిలిచిన ఆమె చరిత్రలోకి చాకలి ఐలమ్మగా వచ్చింది. చుట్టూ ఉన్నవారు ఆమె ఇంటిపేరు స్థానంలో కులవృత్తిని నిలబెట్టారు. తర్వాత బహుజనులు అదే మాటను ఆత్మగౌరవంతో తీసుకున్నారు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. ఒకే మాటను ఒకరు కించపరచడానికి, ఇంకొకరు హక్కుగా వాడినప్పుడు దాని నిఘంటు అర్థం మనకు దేనికీ చాలదు. "కుమ్మరి", "వడ్ల", "మంగలి" అని రికార్డులో ఉంటే, ఆ కుటుంబం తమలో తాము వేరే ఇంటిపేరుతో పిలుచుకుంటుందా అని అడగాలి. పెళ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు అసలు పేరు బయటికొస్తుంది.

గొల్లపల్లి పెద్దాయన అడిగింది మూడో రకం పేరు గురించి. కోయల్లో ఇంటిపేరు ఒక గట్టుకు చెందుతుంది. మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ ఏడు వరకూ లెక్క, ప్రతి గట్టుకూ వేల్పులు. ఒకే గట్టువారు అన్నదమ్ముల వరుస, వారిలో పెళ్లిళ్లు కుదరవు. ఇక్కడ సోడి, మడకం, కవాసి అన్నవి ఊరినీ చెప్పవు, పనినీ చెప్పవు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతాయి. సున్నం, కారం, తెల్లం అనే కోయ ఇంటిపేర్లను తెలుగు చెవితో విని సున్నపు పని, మిరపకారం, తెల్లరంగు అని అర్థం చెప్పేవారిని నేను విన్నాను. భద్రాచలం ఎమ్మెల్యేగా పనిచేసిన సున్నం రాజయ్య ఇంటిపేరును అలా చదివితే ఒక గట్టు వ్యవస్థను చెరిపేసినట్టే. శబ్దం కలిసినంత మాత్రాన అర్థం కలవదు.

ఈ తప్పు పుస్తకాల్లో ఆగిపోదు. కోంటా నుంచి 2003 మొదలు 2023 దాకా వరసగా గెలిచిన కవాసి లఖ్మా పేరులో కవాసి ముందుంటుంది, తెలుగువారిలాగే. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడిగే దరఖాస్తులో అలాంటి పేరు ఉన్నవరసలోనే ఎక్కితే కవాసి సొంత పేరై, లఖ్మా ఇంటిపేరై కూర్చుంటుంది. సల్వాజుడుం రోజుల్లో ఇటువైపు వలస వచ్చిన కుటుంబాల పేర్లు హిందీలో ఒకలా, తెలుగులో ఒకలా ఎక్కాయి. అన్నదమ్ముల కాగితాల్లోనే ఇంటిపేరు కలవకపోతే వాళ్లది ఒకే కుటుంబమని రుజువు చేసే భారం వాళ్ల మీదే పడుతుంది. తెలంగాణలో ఎస్టీ గుర్తింపు కోసం ఇప్పటికే తిరుగుతున్నవారికి ఇది ఇంకో అడ్డు.

అందుకే నా నోట్‌బుక్‌లో ఇప్పుడు ప్రతి ఇంటిపేరు పక్కన అర్థం కంటే ముందు మూడు గళ్లు గీస్తున్నాను: ఆ మాట ఏ రూపంలో ఉంది, ఆ పేరుతో ఎవరు పిలిచారు, ఆ పేరువారికి ఎవరితో పెళ్లి కుదరదు. అర్థం గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటోంది. నా సొంత పేరుకైతే మూడో గడి కూడా ఖాళీయే. పెద్దాయనకు నేను ఆ మాటే చెప్పాల్సి వచ్చింది.